20 డాలర్ల గేమ్‌కి 2,098 రూపాయలు ఎట్టా పోయినాయి

పోయిన ఎండాకాలం సెలవులకి మా అక్క కొడుకు ఒంగోలు నుంచి కావలికి మా ఇంటికి వచ్చి ఇరవై రోజులు ఉండాడు, బయట ఎండకి అడుగు పెట్టే పరిస్థితి లేదు, వాడికి ల్యాప్‌టాప్, నాకు ఏసీ కరెంట్ బిల్లు. ఒకరోజు మధ్యాహ్నం వచ్చి "మామా, 20 డాలర్ల గేమ్ ఒకటుంది, నీ డెబిట్ కార్డు ఒకసారి ఇయ్యి, డబ్బులు ఇప్పుడే ఇచ్చేస్తా" అన్నాడు. గూగుల్‌లో చూస్తే డాలర్ 85 చూపించింది, 20 ఇంటూ 85 అంటే 1,700, వాడు లెక్కపెట్టి 1,700 నా చేతిలో పెట్టి కార్డు తీసుకున్నాడు. ఓటీపీ కొట్టిన నిమిషానికి మెసేజ్, 2,015 రూపాయల 44 పైసలు కట్. వాడి మొహం నేను, నా మొహం వాడు చూసుకున్నాం. అంతటితో అయిపోయిందా అంటే లేదు, మూడు రోజులు పోయినాక ఇంకో మెసేజ్, ఈసారి 83 రూపాయల 24 పైసలు, ఏమీ కొనకుండానే. మొత్తం కలిపితే 2,098.68, అంటే వాడు అనుకున్నదానికంటే 398 రూపాయల 68 పైసలు ఎక్కువ.

అక్కకి ఫోన్‌లో చెప్తే "కార్డు నెంబరు ఎవడో కొట్టేసుంటాడు, ముందు బ్లాక్ చేయించు" అని ఒకటే గోల. బ్యాంకుకి ఫోన్ చేస్తే గేమ్ అమ్మిన స్టోర్ వాళ్ళని అడగమన్నారు, స్టోర్ సపోర్ట్‌కి మెయిల్ పెడితే మీ బ్యాంకుని అడగండి అని రెండు లైన్ల జవాబు. ఇక లాభం లేదని స్టోర్ పంపిన బిల్లు, బ్యాంకు స్టేట్‌మెంట్, క్యాలిక్యులేటర్ ముందర పెట్టుకుని కూర్చున్నా. తేలిందేందంటే ఎవడూ ఏమీ కొట్టెయ్యలా, పోయిన ప్రతి పైసాకీ ఒక పేరుంది, కాకపోతే ఆ పేర్లన్నీ ఒక్కచోట ఎవరూ రాయరు, కొన్ని స్టోర్ బిల్లులో ఉంటాయి, కొన్ని బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఉంటాయి, ఒకటి మాత్రం రెండింట్లోనూ ఉండదు.

అన్నిటికంటే పెద్ద ముక్క పన్ను. ఆ స్టోర్‌లో గేమ్ పేజీ మీద 20 డాలర్లు అని ఉంది గానీ చివర్లో డబ్బులు కట్టే పేజీలో దాని కింద చిన్న అక్షరాలతో ఇంకో లైన్ ఉంది, టాక్స్ 3.60 డాలర్లు, మొత్తం 23.60. మావాడు పైన అంకె చూసినాడు, కింద బటన్ చూసినాడు, మధ్యలో లైన్ చూడలా. ఈ 3.60 ఏందంటే మన జీఎస్టీ, 18 శాతం. స్టోర్ అమెరికాలో ఉంటే మన జీఎస్టీ ఎందుకు అని మావాడి ప్రశ్న, మంచి ప్రశ్నే. డౌన్‌లోడ్ చేసుకునే సరుకుకి పన్ను అమ్మేవాడు ఎక్కడున్నాడని కాదు, కొనేవాడు ఎక్కడున్నాడని చూస్తారు. విదేశీ కంపెనీ ఇండియాలో ఉండే మామూలు మనిషికి ఇట్టాంటివి అమ్మితే ఆ కంపెనీయే ఇక్కడ రిజిస్టర్ చేయించుకుని పన్ను వసూలు చేసి కట్టాలి. ఇది 2016 డిసెంబర్ 1 నుంచే ఉంది, అప్పుడు సర్వీస్ టాక్స్ పేరుతో 15 శాతం, 2017 జులైలో జీఎస్టీ వచ్చినాక 18 అయ్యింది. కాబట్టి ఆ 3.60 స్టోర్ లాభం కాదు, బ్యాంకుది అంతకన్నా కాదు. రూపాయల్లో చెప్పుకుంటే, 85 లెక్కన 306 రూపాయలు. మనకి తేడా వచ్చిన 398లో నాలుగింట మూడు వంతులు ఇదొక్కటే.

మరి వేరే స్టోర్లలో ఈ గొడవ ఎందుకు లేదంటే అక్కడ పన్ను లోపలే కలిపి ఉంటుంది. స్టీమ్‌నే తీసుకోండి, 2015 నవంబర్ నుంచి మనకి రూపాయల్లో రేట్లు చూపిస్తా ఉంది, 1,180 అని రాసి ఉంటే కట్టేది 1,180యే, పన్ను అందులోనే ఉంది. గూగుల్ ప్లేలో కూడా ఇదే పద్ధతి. అమెరికాలో దీనికి రివర్స్. డల్లాస్‌లో ఉండే మా బాబాయి కొడుకు చెప్తా ఉంటాడు, అక్కడ షాపులో రాసిన రేటు ఎప్పుడూ చివరి రేటు కాదంట, టెక్సస్‌లో రాష్ట్రం పన్ను 6.25, దాని మీద ఊరి పన్ను 2 దాకా, కలిపి డల్లాస్‌లో 8.25 శాతం బిల్లు దగ్గర పడుతుంది. కాలిఫోర్నియాలో డౌన్‌లోడ్ గేమ్‌కి అయితే మామూలుగా అసలు ఏమీ పడదు. అందుకే అక్కడి స్టోర్లకి పన్ను బయట పెట్టి రేటు చూపించడం అలవాటు, మనకి మాత్రం సబ్బు బిళ్ళ మీద కూడా అన్ని పన్నులతో కలిపి అని ఎంఆర్‌పీ చూసి చూసి, రాసిందే కట్టేది అని బుర్రలో పడిపోయింది.

ఇక్కడ చాలామంది చేసే ఒక తప్పు లెక్క చెప్పాలి. పన్ను కలిపిన 1,180లో పన్ను ఎంత అంటే టక్కున 1,180కి 18 శాతం కట్టి 212 అంటారు. కాదు. అసలు ధర 1,000, దాని మీద 180. కలిపిన రేటులోంచి పన్ను తియ్యాలంటే 118తో భాగించి 18తో గుణించాలి. ఇంకో గందరగోళం కూడా ఉంది, గేమింగ్ మీద 28 శాతం జీఎస్టీ అని 2023లో పేపర్లో వచ్చింది కదా, దాన్ని చూసి గేమ్‌లన్నీ రేట్లు పెరిగినాయి అని మా వీధిలో పిల్లోళ్ళు ఇప్పటికీ వాదిస్తా ఉంటారు. ఆ 28 శాతం 2023 అక్టోబర్ 1 నుంచి డబ్బులు పెట్టి ఆడే ఆటల మీద పడింది, రమ్మీ, పందేలు, అట్టాంటి వాటికి. మనం డబ్బులిచ్చి ఒక గేమ్ కొనుక్కుని ఇంట్లో కూర్చుని ఆడుకునేదానికి దానికీ సంబంధం లేదు, ఇది 18యే.

సరే, 23.60 డాలర్లు దగ్గర ఆగినాం. 85తో గుణిస్తే 2,006 రావాలి, వచ్చిన మెసేజ్ 2,015.44. ఈ 9 రూపాయల 44 పైసలే నేను పైన చెప్పిన ఏ బిల్లులోనూ కనపడని ముక్క. గూగుల్‌లో కనపడే రేటు బ్యాంకులు ఒకదానితో ఒకటి కొనుక్కునే, అమ్ముకునే రేట్లకి మధ్యలో ఉండే అంకె, ఆ రేటుకి మనకి ఎవడూ డాలర్లు ఇయ్యడు. మన కార్డు మీద వీసా అనో మాస్టర్‌కార్డ్ అనో ఉంటుందే, డాలర్‌ని రూపాయి చేసేది ఆ నెట్‌వర్క్, వాళ్ళ రేటు వాళ్ళు రోజూ పెట్టుకుంటారు, ఆ రోజు 85.40 ఉంది. ఇద్దరి వెబ్‌సైట్లలోనూ తేదీ కొడితే రేటు చూపించే క్యాలిక్యులేటర్ ఉంటుంది, దాంట్లో చూస్తేనే నాకు ఇది దొరికింది. ఇంకో మెలిక, కార్డు కొట్టిన రోజు రేటు ఒకటి, రెండు మూడు రోజులకి స్టోర్ ఆ లావాదేవీని నిజంగా సెటిల్ చేసుకునే రోజు రేటు ఇంకోటి, కొన్నిసార్లు మొదట వచ్చిన మెసేజ్‌లో ఒక అంకె, స్టేట్‌మెంట్‌లో ఇంకో అంకె ఉండేది అందుకే. మాకు ఆ తేడా రాలా, అదృష్టం అనుకోండి.

ఇప్పుడు మూడు రోజుల తర్వాత వచ్చిన ఆ 83 రూపాయలు. ఇది అచ్చంగా బ్యాంకుది. విదేశీ కరెన్సీలో కార్డు వాడితే బ్యాంకు దాని మీద మార్కప్ అని ఒక శాతం వేసుకుంటుంది, మామూలుగా 2 నుంచి 3.5 దాకా ఉంటుంది, నా కార్డుకి 3.5. ఇది 20 డాలర్ల మీద కాదు, పన్ను కలిపినాక వచ్చిన 2,015.44 మీద, అంటే 70 రూపాయల 54 పైసలు. మార్కప్ అనేది బ్యాంకు చేసిన సర్వీసు కాబట్టి దాని మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ, 12 రూపాయల 70 పైసలు. రెండూ కలిపితే 83.24, మెసేజ్‌లో వచ్చిన అంకె అక్షరాలా అదే. స్టేట్‌మెంట్‌లో ఇది గేమ్ పేరుతో ఉండదు, `FCY MARKUP FEE` లాంటి పేరుతో వేరే లైన్‌గా ఉంటుంది, కొన్ని బ్యాంకులు విడిగా చూపించకుండా మొదట్లోనే కలిపి ఒకటే అంకె కట్ చేస్తాయి, అప్పుడైతే ఇంకా కనుక్కోలేం.

మా బావ అల్లూరు పక్కన రొయ్యల చెరువులు చేస్తాడు, ఆయనకి ఈ లెక్క చెప్తుంటే సగంలోనే నవ్వినాడు. "కొనేవాడు కిలోకి ఇన్ని రొయ్యలని కౌంటు రేటు ఒకటి చెప్తాడు, చెరువు గట్టు మీద మెత్తబడిన రొయ్య అని కొంత, తూకంలో నీళ్ళని కొంత తీసేసి చేతికిచ్చేది ఒకటి, మాకిది రోజూ ఉండేదేలే బావా" అన్నాడు. తేడా ఏందంటే ఆయనకి చేతికొచ్చేది తగ్గుతుంది, మనకి చేతిలోంచి పోయేది పెరుగుతుంది.

మొత్తం ఒక లైన్లో రాస్తే ఇంతే:

```
20 × 1.18 × 85.40 × 1.0413 = 2098.68
```

ఆ 1.0413 ఏందంటే 3.5 శాతం మార్కప్, దాని మీద 18 శాతం పన్ను, రెండూ కలిస్తే 4.13 శాతం. మీ కార్డు మార్కప్ 2 శాతం అయితే అది 1.0236 అవుతుంది. దీన్ని తిరగేసి కూడా వాడొచ్చు, నాకు అన్నిటికంటే బాగా పనికొచ్చింది అదే. మొత్తం పోయిన రూపాయల్ని స్టోర్ బిల్లులో ఉన్న డాలర్లతో భాగించండి, పన్ను కలిపిన డాలర్లతో సుమా. మాకు 2,098.68ని 23.60తో భాగిస్తే 88.93 వచ్చింది, అంటే నిజంగా మనం డాలర్‌ని కొన్న రేటు అది. దాన్ని ఆ రోజు నెట్‌వర్క్ రేటు 85.40తో భాగిస్తే 1.0413. ఈ అంకె 1.0236 దగ్గరొస్తే మీ బ్యాంకు 2 శాతం వాడు, 1.0413 వస్తే 3.5 వాడు. ఈ రెండూ కాకుండా 1.06, 1.07 అట్టా వస్తే మాత్రం మధ్యలో ఇంకెవడో చెయ్యి పెట్టినాడు.

ఆ ఇంకెవడో ఎవరంటే, డబ్బులు కట్టే పేజీలో ఒక్కోసారి రెండు బటన్లు కనిపిస్తాయి, 23.60 డాలర్లు కడతారా లేకపోతే 2,110 రూపాయలు కడతారా అని. మనోళ్ళు నూటికి తొంభై మంది రూపాయల బటనే నొక్కుతారు, మన డబ్బుల్లో కనపడింది కదా, ఇక సర్‌ప్రైజులు ఉండవు అని. దీన్ని డైనమిక్ కరెన్సీ కన్వర్షన్ అంటారు, డీసీసీ అని పొట్టి పేరు. ఇక్కడ డాలర్‌ని రూపాయి చేసేది వీసానో మాస్టర్‌కార్డో కాదు, స్టోర్ తరఫున ఉన్న పేమెంట్ గేట్‌వే, వాడి లాభం రేటులోనే కలిపేస్తాడు. 2,110ని 23.60తో భాగిస్తే డాలర్ 89.41 పడింది, అంటే మన బ్యాంకు మార్కప్ కలిపినదానికంటే ఇదే ఎక్కువ. పోనీ బ్యాంకు మార్కప్ అయినా తప్పుతుందా అంటే అదీ పూర్తిగా తప్పదు. రూపాయల్లో కట్టినా అవతల వ్యాపారి విదేశంలో రిజిస్టర్ అయ్యుంటే చాలా బ్యాంకులు దాన్ని అంతర్జాతీయ లావాదేవీగానే చూసి 1 శాతం డీసీసీ ఫీజు, దాని మీద జీఎస్టీ వేస్తాయి. 21.10, దాని మీద 3.80, మొత్తం 2,134.90. డాలర్ బటన్ నొక్కి ఉంటే 2,098.68. రూపాయల్లో కనపడింది కదా అని నొక్కినందుకు 36 రూపాయలు అదనంగా పోతాయన్నమాట.

ఈ 1 శాతం సంగతి అసలు డాలర్ మొహమే చూపించని స్టోర్లలో కూడా తగలొచ్చు, ఇది నాకు చాలా రోజులు అంతుపట్టలా. 1,299 అని రూపాయల్లో రేటు, పన్నులు లోపలే, కట్టింది 1,299, అయినా నెలాఖరు క్రెడిట్ కార్డు బిల్లులో 15 రూపాయల 33 పైసలు ఎక్స్‌ట్రా. 1,299కి 1 శాతం 12.99, దాని మీద 18 శాతం 2.34, కలిపితే 15.33, లెక్క సరిపోయింది. రేటు రూపాయల్లో ఉన్నంత మాత్రాన వ్యాపారి ఇండియాలో ఉన్నట్టు కాదు, కార్డు కంపెనీకి కనపడేది ఆ వ్యాపారి ఏ దేశంలో రిజిస్టర్ అయ్యాడనేదే. గుర్తుపట్టడం ఎట్టాగంటే, కార్డు కొట్టినప్పుడు పేమెంట్ ఫెయిల్ అయ్యి, బ్యాంకు యాప్‌లో ఇంటర్నేషనల్ లావాదేవీలు ఆన్ చెయ్యమని వస్తే అది విదేశీ వ్యాపారి అని అర్థం, ఎందుకంటే రిజర్వ్ బ్యాంకు 2020లో పెట్టిన రూలు ప్రకారం కొత్త కార్డుల్లో విదేశీ వాడకం మనం ఆన్ చేస్తేనే పని చేస్తుంది. రూపాయల స్టోర్‌లో యూపీఐ ఉంటే మాత్రం ఈ తలనొప్పి లేదు, యూపీఐ డబ్బు ఇక్కడి పేమెంట్ కంపెనీ ద్వారా రూపాయల్లోనే పోతుంది, మన ఖాతాలో 1,299 అంటే 1,299యే కట్ అవుతుంది. డాలర్ రేట్ల స్టోర్‌లో ఆ దారి మామూలుగా ఉండదు.

ఇక వాలెట్, అంటే స్టోర్‌లోనే మన పేరు మీద ముందుగా వేసి పెట్టుకునే డబ్బు. ఒంగోల్లో మావాడి ఫ్రెండ్ ఒకడు ఉండాడు, వాడికి ఈ కథంతా చెప్తే "అందుకే నేను వాలెట్‌లో డబ్బులు వేసుకుని కొంటా, ఒకసారి వేస్తే ఇక ఏ ఫీజులూ ఉండవు" అన్నాడంట. ఇది సగం నిజం, ఆ సగమే వాణ్ణి ముంచింది. అదే స్టోర్, అదే గేమ్, వాడు ముందుగానే వాలెట్‌లో సరిగ్గా 20 డాలర్లు వేసినాడు. వాలెట్‌లో వేసేటప్పుడు పన్ను పడదు, 20 వేస్తే 20 కనపడుతుంది, ఎందుకంటే ఇంకా ఏమీ కొనలా, అది గిఫ్ట్ కార్డు లాంటి డబ్బు మాత్రమే. పన్ను పడేది దాంతో గేమ్ కొన్నప్పుడు. గేమ్ దగ్గరికి పోతే 23.60 కావాలంది, వాలెట్‌లో 20 ఉంది, 3.60 తక్కువ. ఆ 3.60 మాత్రమే వేద్దామంటే కుదరదు, అక్కడ కనీసం 5 డాలర్లు వెయ్యాల. 5 వేసినాడు, గేమ్ కొన్నాడు, 1.40 మిగిలింది.

వాడి లెక్క చూద్దాం. వాడి కార్డుకి కూడా నాలాగా 3.5 మార్కప్ అనుకుంటే 25 డాలర్లకి 85.40 లెక్కన 2,135, మార్కప్ 74.73, దాని మీద జీఎస్టీ 13.45, మొత్తం 2,223.18. మావాడు 2,098.68 కట్టిన గేమ్‌కే వీడు 124 రూపాయల 50 పైసలు ఎక్కువ పెట్టినాడు. ఆ 124 ఎక్కడికీ పోలేదు నిజమే, 1.40 డాలర్ల రూపంలో వాలెట్‌లోనే ఉంది, కానీ దాంతో ఆ స్టోర్‌లో వచ్చేది ఏమీ లేదు, వెనక్కి బ్యాంకుకి పంపుకునే దారి కూడా లేదు. ఇంకోసారి కొనేదాకా అట్టా ఊరికే కూర్చుని ఉంటుంది. మనం బస్సు కండక్టర్ దగ్గర చిల్లర వదిలేస్తామే అట్టాంటిదే, కాకపోతే ఇక్కడ కండక్టర్ రాసిస్తాడు, బస్సు మాత్రం మళ్ళీ ఎప్పుడొస్తుందో తెలీదు. వాలెట్ వల్ల మార్కప్ తప్పలా అన్నది గమనించండి, డాలర్లలో వాలెట్ నింపినా, డాలర్లలో గేమ్ కొన్నా బ్యాంకుకి రెండూ ఒకటే, శాతం శాతమే. అందుకే నింపేముందు గేమ్ రేటుని 1.18తో గుణించి చూసుకోవాల్సిందే, స్టోర్ పన్ను బయట పెట్టేదైతే. వాలెట్‌లో కొంత, మిగతాది కార్డుతో కట్టనిచ్చే స్టోర్లు కూడా ఉన్నాయి, అట్టాంటి చోట సరిపోయేంత వెయ్యాల్సిన పనే లేదు.

వాలెట్‌కి నిజంగా మేలు చేసే పని ఒకటుంది, దాని దగ్గరికి వస్తా. దానికి ముందు గిఫ్ట్ కార్డుల గురించి రెండు ముక్కలు. డల్లాస్ అన్న పుట్టినరోజుకి కోడ్ పంపుతా అంటే మావాడు ఎగిరి గంతేసినాడు, ఏ స్టోర్‌ది అనేది అడగలా. స్టీమ్ అయితే డాలర్ కార్డు మన రూపాయల వాలెట్‌లో కొడితే ఆ రోజు రేటు ప్రకారం రూపాయల్లోకి మారి పడుతుంది, అక్కడ బ్యాంకు మార్కప్ ఊసే లేదు. ప్లేస్టేషన్ వోచర్ అయితే ఏ దేశానిది ఆ దేశం ఖాతాలోనే పని చేస్తుంది, అమెరికా కోడ్ మన ఇండియా ఖాతాలో ఎక్కదు. ఖాతా దేశాన్నే మార్చేసి చవక దేశం రేట్లకి కొనుక్కుందాం అనే తెలివి కూడా మనోళ్ళకి బాగానే ఉండేది, అర్జెంటీనా, టర్కీ అని పోయేవాళ్ళు. స్టీమ్ 2023 నవంబర్ 20న ఆ రెండు దేశాల్నీ డాలర్లలోకి మార్చేసినాక ఆ సరదా తగ్గిపోయింది. అయినా ఆ దేశం పేమెంట్ పద్ధతి లేకుండా దేశం మార్చడం వాళ్ళ రూలు ప్రకారమే కుదరదు.

ఇక చివరి ముచ్చట, మావాడి గేమ్ ఏమయ్యిందనేది. ఏమయ్యిందంటే వాడి ల్యాప్‌టాప్‌లో నడవలా. ఫ్యాన్ రైలు ఇంజను లాగా మోత, బొమ్మ మాత్రం సెకనుకి పదిసార్లు ఆగుతా ఉంది. నలభై నిమిషాలు కుస్తీ పట్టి రీఫండ్ పెట్టినాడు. స్టీమ్‌లో అయితే కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటలు దాటకుండా ఉంటే వెనక్కి ఇస్తారు, వాడు కొన్న స్టోర్‌లో కూడా అట్టాంటి రూలే ఉంది. రీఫండ్ ఎక్కడికి కావాలి, కార్డుకా వాలెట్‌కా అని అడిగింది, నన్ను అడక్కుండా కార్డుకి అని నొక్కేసినాడు.

వారం రోజులకి డబ్బులు వచ్చినాయి, 2,003 రూపాయల 64 పైసలు. స్టోర్ అన్యాయం చెయ్యలా, పన్నుతో సహా 23.60 డాలర్లూ పూర్తిగా వెనక్కి పంపింది, బిల్లులో ఉంది. కానీ పోయిన రోజు 85.40 అయితే వచ్చిన రోజు లెక్క 84.90 పడింది, డాలర్లు వెనక్కి వచ్చేటప్పుడు నెట్‌వర్క్ కొనే వైపు రేటు వేస్తుంది, అది ఎప్పుడూ కొంచెం తక్కువే, దానికి తోడు రోజులు గడిచి రేటు కూడా కదిలింది. అక్కడ 11 రూపాయల 80 పైసలు తరుగు. మిగతా 83.24 బ్యాంకు మార్కప్, అది వెనక్కి రాలా, గేమ్ వెనక్కి ఇచ్చినా డాలర్‌ని రూపాయి చేసిన పని చేసినట్టే కదా అని మా బ్యాంకు వాళ్ళ మాట. కొన్ని బ్యాంకులు మార్కప్ తిరిగి ఇస్తాయి, అది మీ కార్డు ఛార్జీల కాగితంలో రాసి ఉంటుంది, నాది ఆ రకం కాదు. మొత్తం మీద గేమ్ లేకుండానే 95 రూపాయల 4 పైసలు గుంట.

ఇదే రీఫండ్ వాలెట్‌కి పెట్టి ఉంటే 23.60 డాలర్లు అక్కడే డాలర్లుగా ఉండిపోయేవి, రూపాయి చేసే పనే లేదు, రేటు తరుగు లేదు, కట్టిన మార్కప్ కూడా ఆ డాలర్ల కోసం కట్టినట్టే ఉండేది. అదే స్టోర్‌లో ఇంకో గేమ్ కొనే ఉద్దేశం ఉన్నవాడికి వాలెట్ పనికొచ్చేది ఇక్కడ. మావాడికి ఉంది కూడా, నెలలోపే అక్కడే 15 డాలర్ల గేమ్ ఒకటి, ల్యాప్‌టాప్‌లో నడిచేది, మళ్ళీ నా కార్డుతోనే కొన్నాడు. ఈసారి కొనే ముందే ఫోన్‌లో లెక్కేసి "మామా, 1,574 రూపాయలు, పైసలు అటూ ఇటూ" అని డబ్బులు చేతిలో పెట్టినాడు, పోయింది 1,575 రూపాయల 85 పైసలు, డాలర్ ఆ రోజు పది పైసలు పెరిగింది. రూపాయి ఎనభై ఐదు నేను వదిలేసినా.

మా అక్క మాత్రం ఇప్పటికీ ఆ 95 రూపాయలు ఎవడో ఆన్‌లైన్ దొంగ కొట్టేసినాడనే అంటుంది, కార్డు మార్పించినావా లేదా అని ఫోన్ చేసిన ప్రతిసారీ అడుగుతుంది.